యాప్ వద్దంటే అప్పు ఆగదు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ మహాసభలో మేము లేచి పొదుపు ఇంత, లింకేజీ ఇంత, రికవరీ ఇంత అని చదివి కూర్చుంటాము. ఆ లెక్కలు ఈసారి కూడా రిపోర్టులో ఉన్నాయి, చూసుకోండి. ఈ పూట మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్పమని అధ్యక్షురాలక్క అడిగినారు. పిల్లల చదువు యాప్ ఒకటి ఇంటికొచ్చి అమ్మిపోయినారు, దాని వెనకాల అప్పు ఉండాది, ఆ అప్పును వదిలించుకునేదానికి మాకు ఐదు నెలలు పట్టింది. మేము చేసిన తప్పులు కూడా దాచకుండా చెబుతాము. కొన్నవాళ్ల పేరు చెప్పొద్దన్నారు కాబట్టి ఆమెను వదిన అనే అంటాము. కంపెనీ పేరు, లోను కంపెనీ పేరు, బ్యాంకు పేరు కూడా చెప్పము.

2023లో సంక్రాంతి అయిపోయిన వారం, జనవరి 20వ తేదీ. వదిన భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినాడు. ఆ ఏడు చెనిక్కాయ చేతికి రాలేదని మీకు చెప్పేపని లేదు. ఇంట్లో వదిన, అత్త, ఏడో తరగతి చదివే కూతురు. సాయంత్రం ఒక పిల్లోడు వచ్చినాడు, ఇన్‌షర్టు, మెడలో కార్డు. స్కూలు నుంచి వచ్చినాము అన్నట్టుగా మాట్లాడినాడు గానీ స్కూలు నుంచి అని అనలేదు. అది గమనించండి. పాపను కూర్చోబెట్టి భిన్నాల లెక్క అడిగినాడు. పాప చెప్పలేకపోయింది. ఇంకోటి అడిగినాడు, అదీ రాలేదు. అప్పుడు వదిన మొగం చూసి, "అక్కా, టెన్త్‌లో ఏం చేస్తుంది ఈ పాప?" అన్నాడంట. ఆ ఒక్క మాటకే వదిన మనసు కరిగిపోయింది. మేము ఆమెను తప్పు పట్టము. మనలో చానామందికి చదువు మధ్యలో ఆగిపోయింది, ఆ నొప్పి ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు.

ట్యాబ్, దాంట్లో మూడేళ్ల పాఠాలు, ఫోన్లో టీచరు. మొత్తం 53,000 రూపాయలు. ఇప్పుడు 5,000 కడితే చాలు, మిగతాది నెలకు 2,000 "ఫీజు" అన్నాడు. వడ్డీ లేదు. 15 రోజులు చూడండి, నచ్చకుంటే డబ్బు మొత్తం వాపసు. వదిన ఫోను తీసుకుని ఆధార్ ఫోటో, పాన్ కార్డు ఫోటో, పాస్‌బుక్కు మొదటి పేజీ ఫోటో కొట్టుకున్నాడు. ఓటీపీలు వచ్చినాయి, ఒకటి కాదు, నాలుగు. అన్నీ తనే చూసి కొట్టుకున్నాడు. తర్వాత వెరిఫికేషన్ కాల్ వస్తుంది, అన్నిటికీ అవును అనమన్నాడు. నెల ఆదాయం ఎంత అంటే ముప్పై వేలు అని చెప్పమని పక్క నుంచి వేళ్లు చూపించినాడు. ఉపాధి పనికి పోయే ఆమె, ముప్పై వేలు అని చెప్పింది. ఆ కాల్ రికార్డు అయింది.

24వ తేదీ ట్యాబ్ వచ్చింది. పాఠాలు చానావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి, పాపకు అర్థం కాలేదు. నెల చివర్లో భర్త ఊరికొచ్చి వదిన ఫోన్లో మెసేజీలు చూసి, "ఈ లోను నెంబరు ఏంది?" అని అడిగితే అప్పుడు తెలిసింది. అది ఫీజు కాదు, అప్పు. 48,000 రూపాయల అప్పు, 24 కంతులు, ప్రతి నెలా 5వ తేదీ ఖాతా నుంచి దానంతట అదే పోతుంది. ఫిబ్రవరి 1న సంఘం మీటింగులో పొదుపు కట్టేటప్పుడు వదిన ఏడ్చేసింది. అట్లా మా దగ్గరికి వచ్చింది ఈ సంగతి.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకుంటేనే మిగతాది అర్థమవుతుంది. మాకు ఇది అర్థం కావడానికి నెలన్నర పట్టింది. వదిన ఒకటే వస్తువు కొన్నాననుకునింది గానీ ఆమె చేసింది రెండు ఒప్పందాలు. ఒకటి యాప్ కంపెనీతో, ట్యాబూ పాఠాలూ కొనే ఒప్పందం. రెండోది లోను కంపెనీతో, అప్పు ఒప్పందం. లోను కంపెనీ ఆ డబ్బును వదిన చేతికి ఇయ్యలేదు, నేరుగా యాప్ కంపెనీకి కట్టేసింది. కాబట్టి యాప్ కంపెనీకి రావాల్సింది వచ్చేసింది, వాళ్లకు తొందర లేదు. లోను కంపెనీకి వదిన బాకీ. యాప్ నచ్చలేదని లోను కంపెనీకి చెబితే, "మేము యాప్ అమ్మలేదు, మాకు కంతు కట్టండి" అంటారు. లోను వద్దని యాప్ కంపెనీకి చెబితే, "లోను మాది కాదు" అంటారు. మధ్యలో మనిషి బంతి మాదిరి అటూ ఇటూ తిరగాల్సిందే.

వడ్డీ లేదనే మాట కూడా చెప్పాల. లోను కంపెనీ ధర్మానికి అప్పు ఇయ్యదు. ఉదాహరణకు 48,000 అప్పు రాసుకుని యాప్ కంపెనీకి 42,000 ఇస్తుందనుకోండి. ఆ 6,000 వడ్డీ. వస్తువు ధరలోనే అది కలిపి ఉంటుంది. ఇది రద్దు చేసేటప్పుడు ముఖ్యం. ఎందుకంటే యాప్ కంపెనీ, "మాకు వచ్చింది ఇంతే, ఇంతే వాపసు ఇస్తాం" అంటే ఆ తేడా మన నెత్తిన పడుతుంది. అందుకే మనం అడగాల్సింది "డబ్బు వాపసు ఇయ్యండి" అని కాదు. "లోను మొత్తం మూసేయండి, కట్టిన కంతులు, ముందు కట్టిన డబ్బు నాకు వాపసు ఇయ్యండి" అని అడగాల. ఆ రెండు మాటలకు చానా తేడా ఉంది.

సరే, ఫిబ్రవరి 1 రాత్రి మేము ఆ అమ్మిన పిల్లోనికి ఫోన్ చేసినాము. చానా మర్యాదగా మాట్లాడినాడు. "అక్కా, నేను చూసుకుంటా, పది రోజులు ఆగండి, పైకి పంపిస్తా" అన్నాడు. మేము ఊరికే లెక్క వేసినాము. ట్యాబ్ వచ్చింది 24న. పదిహేను రోజులంటే ఫిబ్రవరి 8తో సరి. పది రోజులు ఆగితే 11. అంటే ఆగమని చెప్పడంలోనే గడువు దాటిపోతుంది. అతను కావాలని చెప్పినాడో, అలవాటుగా చెప్పినాడో మాకు తెలియదు. తర్వాత వేరే ఊర్ల అక్కలను అడిగితే అందరికీ ఇదే మాట. కొందరికి "ఇప్పుడు రద్దు కాదు, రెండు నెలలు ఆపి పెడతాం" అని చెప్పినారంట. ఆపి పెట్టేది పాఠాలను, కంతును కాదు.

అందుకని అదే రాత్రి అతనికి వాట్సాప్‌లో రాసినాము. "మీరు జనవరి 20న 15 రోజుల్లో వద్దంటే డబ్బు మొత్తం వాపసు అని చెప్పినారు. మాకు యాప్ వద్దు. ఈరోజు ఫిబ్రవరి 1. ట్యాబ్ తీసుకుపోండి" అని. "ఓకే అక్కా, రైజ్ చేస్తా" అని జవాబు పెట్టినాడు. ఆ ఒక్క లైను మాకు తర్వాత బంగారం అయింది. 15 రోజుల మాట అతను నోటితో చెప్పినాడు, కాగితం మీద లేదు. మనం తేదీతో రాసి అడిగితే అతను కాదనకుండా జవాబు ఇచ్చినాడు కదా, ఇంక అది రాతకోతల కిందికే వచ్చింది.

ఫోన్లో చెప్పింది చాలదని తెలుసు కాబట్టి 3వ తేదీ మా గ్రామ సంఘం యానిమేటర్ కూతురు, డిగ్రీ చదివే పాప, ఇంగ్లీషులో మెయిల్ రాసిచ్చింది. ట్యాబ్ డబ్బాలో ఉన్న బిల్లు మీద యాప్ కంపెనీ మెయిల్ ఐడీ ఉండాది. లోను కంపెనీ ఎవరో కనుక్కునేదానికి కొంచెం కష్టపడినాము. మెసేజీలో పొట్టి పేరు తప్ప ఏమీ లేదు. ఆ మెసేజీలో ఉన్న లింకులో అప్పు పత్రం దొరికింది, దాంట్లో అసలు పేరు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, మెయిలు అన్నీ ఉన్నాయి. లింకు దొరకనోళ్లు బ్యాంకుకు పోయి స్టేట్‌మెంట్ అడగండి. కంతు పోయిన చోట `ACH` అని ఉండి పక్కన లోను కంపెనీ పేరు ఉంటుంది.

మెయిల్ ఇద్దరికీ ఒకేసారి, ఒకే మెయిల్‌లో పెట్టినాము. అది ముఖ్యం. వేరువేరుగా పెడితే ఒకరి జవాబు ఇంకొకరికి తెలియదు. దాంట్లో రాసింది తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది:

"నా లోను నెంబరు ఇది. జనవరి 20న మా ఇంటికి వచ్చిన మీ మనిషి ఇది లోను అని చెప్పకుండా ఫీజు అని చెప్పి నా ఫోన్లో ఓటీపీలు తీసుకున్నాడు. జనవరి 24న ట్యాబ్ వచ్చింది. ఫిబ్రవరి 1న రద్దు చేయమని చెప్పినాను, వాట్సాప్ జవాబు ఇక్కడ జత చేసినాను. ఈ కొనుగోలును రద్దు చేస్తున్నాను. ట్యాబ్ వాపసు తీసుకుపోండి. లోను మొత్తం మూసేసి, మూసేసినట్టు ఉత్తరం ఇయ్యండి. ఖాతా నుంచి ఇంక కంతు తీయొద్దు. తీసిన డబ్బు వాపసు ఇయ్యండి. ఫిర్యాదు నెంబరు పంపండి."

ఇంతే. తిట్లు, శాపాలు రాయలేదు. రాయాలని వదిన అత్తకు చానా ఉండింది.

రెండు రోజులకే 5వ తేదీ వచ్చింది. మొదటి కంతు 2,000 పోయింది. పోయింది ఏ డబ్బంటే, అంతకు రెండు రోజుల ముందు పడిన ఉపాధి కూలి. చెరువు పూడిక పనికి పోయి సంపాదించిన కూలి అది. ఇంట్లో ఉన్న ఖాతా ఒకటే, అన్నీ దాంట్లోకే వస్తాయి.

ఇక్కడ మేము తప్పు చేసినాము. మార్చి 5 వచ్చేలోపల ఖాతాలో డబ్బు మొత్తం తీసేయమని మేమే వదినకు చెప్పినాము. డబ్బు లేకుంటే ఏం తీస్తారు అనుకున్నాము. వాళ్లు 5న ఒకసారి, తర్వాత ఇంకోసారి అడిగినారు. రెండుసార్లూ డబ్బు లేదని తిరిగిపోయింది. బ్యాంకు ప్రతిసారీ 295 రూపాయలు, అంటే 250 మీద జీఎస్టీ కలిపి, పట్టుకునింది. తర్వాత కూలి పడినప్పుడు ముందు ఆ 590 కోత పడింది. లోను కంపెనీ బౌన్స్ చార్జీ అని తన లెక్కలో వేరే వేసుకునింది. ఇంటికి ఫోన్లు మొదలైనాయి. అప్పు పత్రంలో రెఫరెన్సు అని ఎవరి నెంబరు రాసినాడో తెలుసా, పక్కింటి ఆమెది. ఆమెకు కూడా ఫోన్లు.

మేము అప్పుడు బ్యాంకుకు పోయి మేనేజర్ సారును అడిగినాము, ఈ కంతు తీయడం ఆపేయండి అని. ఆయన తిట్టకుండా వివరంగా చెప్పినారు, ఆయన చెప్పింది మీకూ చెబుతాము. ఖాతా నుంచి కంతు తీసుకోమని మీరు ఓటీపీతో ఇచ్చిన అనుమతి ఒకటి ఉంటుంది. దాన్ని మాండేట్ అంటారు, దానికి `UMRN` అని ఒక నెంబరు ఉంటుంది. రాసి అడిగితే దాన్ని ఆపేదానికి దారి ఉంది. కానీ అది ఆపితే డబ్బు పోయే పైపు ఆగుతుంది గానీ బావి ఎండిపోదు. అప్పు అట్లనే ఉంటుంది, దాని మీద చార్జీలు పెరుగుతాయి, సిబిల్‌లో కంతు తప్పినట్టు పడుతుంది. ఇంకోటి, చెక్కు బౌన్స్ అయితే కేసు పెట్టినట్టే ఖాతా నుంచి పోయే కంతు బౌన్స్ అయినా కేసు పెట్టేదానికి చట్టం ఉంది, 2007 నాటి పేమెంట్ చట్టంలో 25వ సెక్షన్. అందుకని వట్టిగా డబ్బు తీసేసి దాక్కోవడం పనికిరాదు. ముందు రాతపూర్వకంగా వివాదం పెట్టాల, అప్పు మూసేసే పని చేయాల, మాండేట్ ఆపడం దానితో పాటు రావాల.

సిబిల్ మాట విన్నాక మాకు భయమైంది. ఎందుకంటే ఇప్పుడు లింకేజీ లోను ఇచ్చేటప్పుడు సంఘం ఒకటే కాదు, సభ్యుల పేరు మీద ఏమి ఉన్నాయో కూడా బ్యాంకులు చూస్తున్నాయి. ఒక ట్యాబ్ బాకీ పదిమంది సంఘానికి అడ్డం వస్తుందేమో అని ఆ రాత్రి మీటింగులో ఒకరి మీద ఒకరం అరుచుకున్నాము కూడా. వదిన కంతు సంఘం నుంచి అప్పుగా ఇచ్చి కట్టిద్దామా అని ఓటు పెట్టినాము. చివరకు ఏప్రిల్, మే కంతులు "వివాదం ఉంది, హక్కులు వదులుకోకుండా కడుతున్నాను" అని మెయిల్ పెట్టి కట్టినాము. కట్టకుండా ఉండాల్సిందని కొందరు ఇప్పటికీ అంటారు. మాకు మాత్రం అదే మేలనిపించింది. ఫోన్లు ఆగినాయి, సిబిల్‌లో ఒక్క నెల మచ్చతో సరిపోయింది.

ఫోన్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం వసూలు కోసం పొద్దున 8 గంటల లోపల, రాత్రి 7 దాటినాక ఫోన్ చేయకూడదు. బంధువులను, తెలిసినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. పక్కింటి ఆమెకు వచ్చిన ఫోన్ల తేదీ, టైము స్క్రీన్‌షాట్లు తీసి మెయిల్‌కు జత చేసినాము. ఆ మరుసటి రోజు నుంచి ఆమెకు ఫోన్ రాలేదు.

ఇంక యాప్ కంపెనీ, లోను కంపెనీ ఏం చేసినాయి అంటే, అనుకున్నట్టే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. యాప్ కంపెనీ, "మీ వినతి గడువు దాటినాక వచ్చింది" అని ఒకసారి, "సేల్స్ వాళ్లతో మాట్లాడండి" అని ఇంకోసారి రాసింది. టీచరమ్మ అని ఒకామె ఫోన్ చేసి పాపకు రెండు క్లాసులు ఫ్రీగా చెబుతాననింది. ఆ క్లాసులు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే వాడుతున్నారు కదా అనేవాళ్లు. ట్యాబ్ కూడా ఫిబ్రవరి 1 నుంచి తెరవకుండా, డబ్బాలో పెట్టి, డబ్బా మీద నెంబరు కనపడేటట్టు ఫోటో తీసి పెట్టినాము.

లోను కంపెనీ ఫిర్యాదు అధికారి మార్చి 20న రాసినారు: "యాప్ కంపెనీ రద్దు చేసినట్టు చెబితేనే మేము మూసేస్తాము." చూసేదానికి న్యాయంగానే ఉంది. అయితే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న డిజిటల్ అప్పుల మీద ఇచ్చిన నిబంధనలు వేరే చెబుతాయి. ఫోన్లో అప్పు ఇప్పించే మధ్యమనిషి చేసిన పనికి అప్పు ఇచ్చిన కంపెనీదే బాధ్యత. అప్పు వివరాలన్నీ, ఏడాదికి మొత్తం మీద ఎంత వడ్డీ పడుతుందో ఒక కాగితంలో సంతకానికి ముందే చూపించాల. వదినకు ఏమీ చూపించలేదు, చూపించినా ఫోన్ అతని చేతిలో ఉండాది. మనసు మార్చుకునే గడువు కూడా ఇయ్యాల. ఏడు రోజులకు మించిన అప్పుకు అప్పట్లో కనీసం మూడు రోజులు. ఆ గడువులో అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. వదినకు ఆ మూడు రోజులు ఉన్నాయని మాకు తెలిసేసరికి మూడు నెలలైంది. 2025 మేలో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ గడువు ఎన్ని రోజులో కంపెనీ నిర్ణయించుకోవచ్చు, కానీ ఒక్క రోజుకు తగ్గకూడదు. అంటే ఇప్పుడు ఒక్క రోజే ఉండొచ్చు. కొన్న రాత్రే కాగితం చూసుకోవాలనేది అందుకే.

ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. `cms.rbi.org.in` అనే వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. చండీగఢ్ అడ్రసుకు ఉత్తరం కూడా రాయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో చెబుతారు. ఏప్రిల్ 10న మీ సేవ సెంటరులో కూర్చుని మేము పెట్టినాము. పెట్టేటప్పుడు ఒకటి అడుగుతుంది: ముందు కంపెనీకి ఫిర్యాదు చేసినారా, ఏ తేదీ, ఆధారం ఉందా అని. మేము ఫిబ్రవరి 3 మెయిల్, మార్చి 20 జవాబు జత చేసినాము. ఆ మెయిల్ లేకుండా, ఫోన్లో వంద సార్లు మాట్లాడినా కూడా ఇక్కడ పని జరగదు.

అదే రోజు యాప్ కంపెనీ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినాము. అది కూడా తెలుగులో మాట్లాడుతుంది. వాళ్లు డాకెట్ నెంబరు ఇచ్చి కంపెనీకి పంపుతారు. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు, మధ్యలో రాయబారం చేస్తారు, అంతే. అయినా మా విషయంలో యాప్ కంపెనీ నుంచి మొదటిసారి పేరు చెప్పి మాట్లాడిన మనిషి ఆ ఫోన్ తర్వాతే వచ్చినాడు. ఏది పనిచేసిందో మేము ఖచ్చితంగా చెప్పలేము. రెండూ ఒకేసారి పెట్టినాము కదా.

మే నెల మధ్యలో యాప్ కంపెనీ ఒప్పుకునింది. అయితే ఏమన్నారంటే, ట్యాబ్ పంపినాక 42,000 వాపసు చేస్తాము అన్నారు. లోను కంపెనీ లెక్కలో ఇంకా 42,000 ఉంది, మూడు కంతులు పోగా. సరిపోయింది కదా అని వదిన భర్త సంతోషపడినాడు. మేము కాగితం మీద రాసి చూపించినాము. ఆ లెక్కన లోను మూతపడుతుంది సరే, వదిన కట్టిన 6,000 కంతులు, ముందు ఇచ్చిన 5,000 ఎక్కడ? మొత్తం 11,000 నీళ్లలో పోయినట్టే. మళ్లీ మెయిల్ పెట్టినాము, 48,000 లోను కంపెనీకి కట్టాల, 5,000 మాకు రావాల, లోను కంపెనీ మా 6,000 మాకు ఇయ్యాల అని. పదిరోజులు గుంజులాడి ఒప్పుకున్నారు.

ట్యాబ్‌ను కొరియర్ వాని చేతిలో పెట్టేటప్పుడు వీడియో తీసినాము, చార్జరు, పుస్తకాలు, మెమొరీ కార్డు అన్నీ ఒక్కొక్కటి చూపించి. మెమొరీ కార్డు లేదని చెప్పి కొంతమందికి కోత వేసినారని విన్నాము. రసీదు దాచినాము.

జూన్ 12న లోను మూసినట్టు ఉత్తరం వచ్చింది. దాన్నే నో డ్యూస్ అంటారు. దాంతో బ్యాంకుకు పోయి మాండేట్ రద్దు చేయమని రాసిచ్చినాము. ఇదొకటి మరిచిపోకండి, లోను మూసినా మాండేట్ బతికే ఉండొచ్చు. జులై 5న ఏమీ పోలేదని పాస్‌బుక్కు వేయించుకుని చూసినాము. సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. తీసి చూస్తే లోను మూసేసినట్టు ఉంది గానీ మార్చి కంతు ఆలస్యం అని ఉంది. దాన్ని సరిచేయమని లోను కంపెనీకి రాసినాము. సరిచేసేదానికి 30 రోజుల గడువు. 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇయ్యాలనే నియమం కూడా ఉంది, మాకు అప్పటికి లేదు. వాళ్లు సరిచేసినారు.

రానిది ఏమంటే, బ్యాంకు పట్టుకున్న 590 రూపాయలు. అది మా తప్పు ఖరీదు. సంఘం నిధి నుంచి వదినకు ఇయ్యాలని తీర్మానం చేసినాము, సలహా ఇచ్చింది మేమే కాబట్టి.

ఇది అందరికీ ఇట్లనే అవుతుందని మేము చెప్పము. పక్క ఊరి సంఘంలో ఇంకొక అక్క మా దగ్గరికి కొన్న ఎనిమిది నెలలకు వచ్చింది. ఆమె కొడుకు రెండు నెలలు ఆ పాఠాలు చూసినాడు కూడా. 15 రోజుల గడువు ఎప్పుడో పోయింది, ఒక్క రాత కూడా లేదు, అంతా ఫోన్లే. కంపెనీ ఫోను ఎత్తడమే మానేసింది. మధ్యలో చెప్పిన టీచరు లేదు, క్లాసులు లేవు. అక్కడ మనం అడగగలిగేది రద్దు కాదు, చెప్పిన సేవ ఇయ్యలేదు కాబట్టి మిగిలిన కాలానికి డబ్బు వాపసు. అది అంబుడ్స్‌మన్ కంటే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ పని. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. వస్తువు ధర ఐదు లక్షల లోపలైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

కంపెనీయే మూతపడితే ఏమి అని ఆ అక్క అడిగింది. అది ఉత్త భయం కాదు. దేశంలోనే పెద్ద చదువు యాప్ అయిన బైజూస్ సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. మన రాష్ట్రంలోనే 2022 జూన్‌లో ఆ కంపెనీతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుని, ఆ ఏడు డిసెంబరులో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ పాఠాలున్న ట్యాబ్‌లు ఉచితంగా ఇచ్చింది. అదే నెలలో తల్లిదండ్రులకు అప్పులతో కోర్సులు అంటగడుతున్నారనే వార్తల మీద బాలల హక్కుల జాతీయ కమిషన్ ఆ కంపెనీ అధిపతిని పిలిపించింది. 2024 జులైలో బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి పంపింది. అట్లా అయినప్పుడు మనకు రావాల్సిన డబ్బు కోసం దివాలా అధికారి దగ్గర క్లెయిము వేసుకోవాల, వరుసలో నిలబడాల. కానీ అప్పు ఇచ్చింది వేరే కంపెనీ కదా, అది మూతపడలేదు, దాని కంతు మాత్రం 5వ తేదీకి వస్తూనే ఉంటుంది. ఇందాక చెప్పిన రెండు ఒప్పందాలు అంటే ఇదే.

ఆ అక్క విషయంలో లోను కంపెనీతో మాట్లాడి కంతులు తగ్గించుకోలేకపోయినాము. ఆమె ఇప్పటికీ కడుతూనే ఉంది, ప్రతి కంతుతో వివాదం ఉందని ఒక మెయిల్ పెడుతోంది. కమిషన్‌కు వేసేదానికి కాగితాలు సిద్ధమైనాయి: బిల్లు, అప్పు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, టీచరు రాలేదని చూపించే ఫోన్ స్క్రీన్‌లు. ఫారం తెలుగులో రాసినాము. వచ్చే సోమవారం ఆమెతో పాటు మేము ఇద్దరం అనంతపురం పోతున్నాము. ఎవరి దగ్గరైనా ఇట్లాంటి కాగితాలు ఉంటే ఆదివారం లోపల గ్రామ సంఘం ఆఫీసులో ఇయ్యండి, జెరాక్సులు తీసి మీవి మీకు ఇచ్చేస్తాము.